ట్యూబింగ్ ఎన్ని రోజులకుంది?

మా వీధి చివర కిరాణా కొట్లో మొన్న వెనిగర్ సీసా జారి పగిలింది. కొట్టతను గోనెపట్టా వేసి తుడుస్తుంటే, ఆ పుల్లటి ఘాటు గుమ్మం దాకా వచ్చింది. కందిపప్పు కోసం వెళ్లినదాన్ని అక్కడే నిలబడిపోయాను. నాకు అది పచ్చళ్ల వాసన కాదు, నూడుల్స్ బండి వాసనా కాదు. డయాలసిస్ సెంటర్‌లో రీయూజ్ గది వాసన. రక్తాన్ని వడకట్టే డయాలైజర్‌ని ఒకసారి వాడాక శుభ్రం చేసి, మళ్లీ వాడడానికి పెరాసిటిక్ యాసిడ్ నింపి పెడతారు. వెనిగర్‌ని పదింతలు చేసినట్టుంటుంది ఆ ఘాటు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నా ఇరవైల్లో ఒక వారం పదిరోజులు ఆ వాసన నా చున్నీని వదల్లేదు.

అప్పట్లో నేను శ్రీకాకుళంలో ఒక డిపోలో ప్లానర్‌ని. ఎంబీఏ అయిపోయి నరసన్నపేటలో ఇంట్లో ఖాళీగా ఉంటే, తెలిసినవాళ్ల ద్వారా దొరికిన ఉద్యోగం. డయాలసిస్ సామాన్లు సరఫరా చేసే కంపెనీ తరఫున, జిల్లాలోని సెంటర్లకి ఏ వారం ఏం పంపాలో లెక్క వేసి లోడు పంపించడం నా పని. ఉద్దానంలో సెంటర్లు అప్పుడప్పుడే తెరుచుకుంటున్నాయి. అంతకుముందు ఇచ్ఛాపురం, కవిటి వైపు వాళ్లు డయాలసిస్ కోసం విశాఖ వెళ్లాలంటే ఒకవైపే 200 కిలోమీటర్లకు పైన ప్రయాణం. రాత్రి బస్సెక్కి, పొద్దున్న మెషిన్ మీద పడుకుని, సాయంత్రానికి వాడిన తోటకూర కాడల్లా మళ్లీ బస్సెక్కేవారు. అది వారానికి రెండుసార్లు. అందుకే పలాసలో, సోంపేటలో సెంటర్లు వచ్చినప్పుడు ఆ ఊళ్లవాళ్లకి ఎంత ఊరటో చెప్పలేను. ఇప్పుడు పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి కూడా వచ్చాయి. ఆ రోజుల్లో అవేవీ లేవు.

మా గోడౌన్ ఏడు రోడ్ల కూడలికి కాస్త దూరంలో, రేకుల షెడ్డు. పొద్దున్నే షట్టరు ఎత్తిన చప్పుడుకి పైన పావురాలన్నీ ఒక్కసారి లేచేవి. గోడౌన్ చూసుకునే ఆయన్ని అందరం బాబాయి అనేవాళ్లం. పెట్టె చేత్తో ఎత్తి చూసి లోపల ఎన్ని ఉన్నాయో చెప్పేవాడు. ఆయన అట్టపెట్టెలకి టేపు లాగే చప్పుడు, రెండో వైపు నా క్యాలిక్యులేటరు, మధ్యలో తులసిపొడి వేసిన టీ. ఆదివారం సాయంత్రం ప్రతి సెంటర్ నుంచి సిస్టరు ఫోన్ చేసి ఇండెంటు, అంటే కావలసిన సామాన్ల జాబితా, చదివేది, నేను పొడుగు రిజిస్టర్లో రాసుకునేదాన్ని. వాట్సాప్ ఉన్నా సోంపేట సిస్టరుకి ఫోన్లో చెబితేనే తృప్తి. "రాసుకున్నావా చెల్లీ, ఒకసారి తిరగా చదువు" అనేవారు.

మా సామాన్లు రెండు రకాలు. ఒకటి బరువైనవి. పార్ట్ ఏ అని పిలిచే యాసిడ్ కాన్సంట్రేట్, 10 లీటర్ల క్యాన్లు. నాలుగు గంటల డయాలసిస్‌కి మెషిన్ దాదాపు 120 లీటర్ల ద్రవాన్ని తిప్పుతుంది. నీళ్లు సెంటర్లోని ఆర్వో ప్లాంటు నుంచే వస్తాయి గానీ, అందులో కలిసే పార్ట్ ఏ మాత్రం ఒక్కో సిట్టింగ్‌కి మూడు లీటర్ల పైచిలుకు కావాలి. అంటే ఒక క్యాన్ దాదాపు ముగ్గురికి. ఇవి, సెలైన్లు మన దేశంలోనే తయారై లారీలో వచ్చేవి. రెండోది తేలికవి. డయాలైజర్లు, బ్లడ్ ట్యూబింగ్, ఫిస్టులా సూదులు. డయాలైజర్ అంటే మోచేతి పొడుగున ఉండే పారదర్శకమైన గొట్టం, లోపల వెంట్రుకంత సన్నని బోలు దారాలు వేల సంఖ్యలో ఉంటాయి. రక్తం ఆ దారాల లోపల, శుభ్రం చేసే ద్రవం బయట. ట్యూబింగ్ అంటే ఒంట్లోంచి రక్తాన్ని డయాలైజర్‌కి తీసుకెళ్లి, మళ్లీ ఒంట్లోకి చేర్చే గొట్టాల సెట్. డయాలైజర్లూ ట్యూబింగూ మాకు ఓడలో, కంటైనర్లలో వచ్చేవి. అక్కడే మొదలైంది కథ.

•

ఆ రోజు మధ్యాహ్నం క్లియరింగ్ ఏజెంటు ఫోన్ చేశాడు. "మేడమ్, మీ కంటైనర్ దిగింది, కస్టమ్స్ కూడా అయిపోయింది. కానీ పోర్టు గేటు మూసేశారు. మెరుపు సమ్మె. ట్రైలర్లు లోపలికి పోవట్లేదు, బయటికి రావట్లేదు."

మాకు రావలసిన డయాలైజర్లూ ట్యూబింగూ అన్నీ ఆ ఒక్క 40 అడుగుల కంటైనర్లోనే ఉన్నాయి. ఎప్పటికి తెరుస్తారని అడిగితే, "చర్చలు నడుస్తున్నాయి, రేపో ఎల్లుండో" అన్నాడు. మా మేనేజరు గారు ఆ మాట విని కాస్త కుదుటపడ్డారు. నాకు మాత్రం ఆ "రేపో ఎల్లుండో" మీద చిత్తు కాగితం మీద కూడా లెక్క వేయబుద్ధి కాలేదు. సమ్మె చేసేవాళ్లు కాంట్రాక్టు కూలీలు. జీతాల గొడవ, ఎన్నాళ్లదో. వాళ్ల కష్టం వాళ్లది. అది ఏ రోజుకి తెగుతుందో శ్రీకాకుళంలో కూర్చున్న నేనెలా చెప్పగలను? కంటైనర్ అసలు రాదనుకుని లెక్క వేస్తేనే నాకు నిద్ర పడుతుందనిపించింది.

మేనేజరు గారు యూనియన్ నాయకుల దాకా వెళ్లి మాట్లాడారు. వాళ్లు బాగానే మాట్లాడారట. "ఆసుపత్రి సామాన్లకి మేం అడ్డం పడం" అన్నారట. అయితే యార్డులో కంటైనర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. మాది అడుగున ఉంది, పైన ఇంకో రెండు. అది బయటికి రావాలంటే క్రేన్ ఆపరేటరు పైవాటిని దించాలి, ట్రైలరు లోపలికి రావాలి, గేటు దగ్గర కాగితాలు చూసే మనిషి ఉండాలి. ఒక్కరు సరేనంటే కదిలే పని కాదది. వస్తే మంచిదే అనుకున్నాం, నా లెక్కలో మాత్రం దాన్ని వేయలేదు.

సాయంత్రం ఆరింటికి అన్ని సెంటర్లకీ ఫోన్లు చేశాను. ఇండెంటు అడగలేదు. "మీ దగ్గర ఏ వస్తువు ఎన్ని ఉన్నాయి, రోజుకి ఎంతమందికి చేస్తున్నారు" అని మాత్రం అడిగాను. బాబాయి నా పక్కన బల్ల మీద కూర్చుని వింటున్నాడు. నేను రాసిన అంకెలు కూడుకుని, "ఏటమ్మా పాపా, ఇన్ని పెట్టెలున్నాయి, మరేటి బెంగ?" అన్నాడు.

పెట్టెలు నిజంగానే చాలా ఉన్నాయి. బెంగంతా వాటి మధ్య పొత్తు కుదరకపోవడంలో ఉంది. పలాసలో 10 మెషిన్లు, రోజుకి 3 షిఫ్టులు, అంటే 30 మందికి డయాలసిస్. అక్కడ డయాలైజర్లు 330 ఉన్నాయి, 11 రోజులకి సరిపోతాయి. ట్యూబింగ్ మాత్రం 120 సెట్లే. సోంపేటలో రోజుకి 20 మంది. అక్కడ సంగతి తిరగబడింది. ట్యూబింగ్ 280 సెట్లు, 14 రోజులకి వస్తుంది. డయాలైజర్లు 60. ఒక మనిషిని మెషిన్‌కి ఎక్కించాలంటే రెండూ కావాలి, ఒకటి ఎంత ఉన్నా రెండోది లేకపోతే పని ఆగిపోతుంది. ఆ లెక్కన పలాస 4 రోజుల్లో ఆగుతుంది, సోంపేట 3 రోజుల్లోనే ఆగుతుంది.

బాబాయి కాసేపు తల గోక్కుని, "అంటే బియ్యం బస్తాలు ఎన్నుంటే ఏటి, విస్తరాకులు లేకపోతే పంక్తి లెగదు కదా" అన్నాడు. ఆ తర్వాత నేనేం చెప్పక్కర్లేకపోయింది. ఆయనే వేళ్ల మీద లెక్క మొదలెట్టాడు.

రెండు సెంటర్లూ కలిపి రోజుకి 50 మంది. రెండు చోట్లా కలిపి డయాలైజర్లు 390, ట్యూబింగ్ 400. అంటే కలిపి చూస్తే దాదాపు 8 రోజులకి ఉంది. విడివిడిగా 3 రోజులు, 4 రోజులు. మా పెట్టెకి 24 పడతాయి. పలాస నుంచి 4 పెట్టెల డయాలైజర్లు సోంపేటకి పంపి, సోంపేట నుంచి 5 పెట్టెల ట్యూబింగ్ పలాసకి తెస్తే, రెండు చోట్లా రెండు వస్తువులూ ఒకేసారి అయిపోయేలా సర్దుబాటవుతాయి. బయటి నుంచి కొత్తగా ఒక్క పెట్టె కూడా రాకుండానే 3 రోజులు కాస్తా 8కి దగ్గరవుతుంది. ఆ అంకె కాగితం మీద చూసినప్పుడు పొద్దుటి నుంచి పట్టేసిన మెడ ఒక్కసారి వదిలింది.

•

ఇంతకీ ఈ 9 పెట్టెలు తిప్పడం ఎలా? మా లారీ విశాఖ నుంచి క్యాన్లు ఎక్కించుకుని రావాలి, దాన్ని పిలిస్తే పార్ట్ ఏ ఆగిపోతుంది. తేలిక సామాన్లకి లారీ ఎందుకన్నాడు బాబాయి. డయాలైజర్ పెట్టె చూడడానికి పెద్దదే గానీ బరువుండదు. తడవకూడదు, పైన బరువు పెట్టి నలపకూడదు, అంతే. మర్నాడు పొద్దున్నే నేను పలాస బస్సెక్కాను. పలాసలో సెంటర్ దగ్గర ప్యాసింజరు ఆటో మాట్లాడుకుని, వెనక సీటులో రెండు, కాళ్ల దగ్గర ఒకటి, ఒకటి నా ఒళ్లో పెట్టుకుని సోంపేట బయల్దేరాం.

అప్పటికి తిత్లీ తుఫాను రాలేదు. 2018 అక్టోబరులో ఆ తుఫాను ఉద్దానాన్ని ఊడ్చి పారేశాక ఆ దారి చూసినవాళ్లకి, అంతకుముందు ఎలా ఉండేదో చెప్పినా ఊహకి అందదు. హైవే దిగి లోపలికి తిరిగితే చాలు, ఎండ నేల మీద పడేది కాదు. రెండు వైపులా కొబ్బరి, దాని కింద జీడి, మధ్యమధ్య పనస. కాశీబుగ్గ దాటేదాకా జీడిపిక్కలు కాల్చే బట్టీల కమురు వాసన, తర్వాత తోటల చల్లగాలి. ఆటో అబ్బాయిది కవిటి వైపు ఊరు. పెట్టెల్లో ఏముందని అడిగి, నేను చెప్పాక ఇంక గుంతల్లో బండిని ఎగరనివ్వలేదు. వాళ్ల పెదనాన్న సోంపేట సెంటర్‌లోనే మంగళవారం, శుక్రవారం పేషెంటు.

సోంపేట సిస్టరు గుమ్మంలోనే ఎదురొచ్చారు. పెట్టెలు దించాక ముందు చేసిన పని, ప్రతి పెట్టె మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసి రెండు చలానాల్లో రాయడం. హడావుడిలో ఇది వదిలేస్తారు చాలామంది. రేపు ఆ బ్యాచ్‌లో ఏదైనా లోపం ఉందని కంపెనీ చెబితే, పలాసకి ఇచ్చినదంతా పలాసలోనే వెతుకుతారు. నాలుగు పెట్టెలు సోంపేటలో ఉన్నాయని ఎవరికీ తెలీదు. సిస్టరుకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు, ఆవిడే నాకు పెన్ను అందించారు.

సిస్టరు రాస్తుంటే నేను వార్డులోకి తొంగి చూశాను. కిటికీ పక్క మంచం మీద ఒక రైతు, చేతికి రెండు సూదులు, గొట్టాల్లో ఎర్రగా రక్తం పోయి వస్తోంది. కిటికీ బయట కొబ్బరి చెట్టు నిండా గెలలు. ఆయన నా చూపు కనిపెట్టి అన్నాడు. "మా తోటలో కాయలు మాకు తాగడానికి లేదమ్మా, అమ్ముకోడానికే." కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయనివాళ్లకి అది ఒంట్లోంచి బయటికి పోదు, గుండె మీద దెబ్బ కొడుతుంది. ఒక సిట్టింగ్ తప్పితే వాళ్లకి పెరిగేది ఇదీ, ఊపిరితిత్తుల్లో చేరే నీరూ. ఆసుపత్రి భాషలో సిట్టింగ్ వాయిదా అని రాసేస్తారు. ఆ మంచం పక్కన నిలబడితే ఆ మాట అంత తేలిగ్గా నోటికి రాదు.

తిరుగు ప్రయాణంలో ట్యూబింగ్ పెట్టెలు. పలాసలో దించేసరికి మూడో షిఫ్టు నడుస్తోంది.

•

ఎనిమిది రోజులు చేతిలోకి వచ్చాయి గానీ, సమ్మె అంతకు మించితే? అక్కడ నా చేతిలో లేని నిర్ణయం ఒకటి ఉంది. డయాలైజర్‌ని మళ్లీ వాడడం. మన దేశంలో చాలాచోట్ల ఉన్న పద్ధతే, అయితే అది పూర్తిగా డాక్టరు చెప్పాల్సిన మాట. సరుకు తక్కువైందని ప్లానర్ చెప్పాల్సింది కాదు. నేను నెఫ్రాలజీ డాక్టరు గారి దగ్గరికి నా కాగితం పట్టుకెళ్లి, ఏ సెంటర్లో ఏది ఏ రోజుకి అయిపోతుందో చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. శ్రీకాకుళం సెంటర్లో పాత రీయూజ్ గది ఉంది, చేయడం వచ్చిన టెక్నీషియన్లు ఉన్నారు. అక్కడొక్క చోటే, రీయూజ్‌కి పనికొస్తుందని లేబుల్ మీద ఉన్న రకానికే, పేషెంట్లకి చెప్పి ఒప్పుకున్నవాళ్లకే అన్నారు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి అసలు వద్దన్నారు. "ట్యూబింగ్ మాత్రం ఎవరికైనా కొత్తదే" అని చివర్లో గట్టిగా చెప్పారు.

ఆ గదిలో టెక్నీషియన్ అన్న పని చేస్తుంటే నిలబడి చూశాను. డయాలైజర్ మీద పేషెంటు పేరు చెరగని ఇంకుతో రాసి ఉంటుంది, ఒకరిది ఇంకొకరికి పోకూడదు. ఆర్వో నీళ్లతో లోపలి రక్తమంతా కడిగేస్తారు. తర్వాత దారాల్లో నీళ్లు నింపి, ఆ నీటిని కొలజాడీలోకి దించి చూస్తారు. కొత్తగా ఉన్నప్పుడు ఎంత పట్టిందో అందులో 80 శాతం కన్నా తగ్గితే, రక్తం గడ్డకట్టి చాలా దారాలు మూసుకుపోయాయన్నమాట. ఇక పారేయడమే. అన్న ఒకటి కొలిచి వెలుతురుకి పట్టి చూశాడు, లోపల గోధుమరంగు చారలు. మాట్లాడకుండా ఎర్ర డబ్బాలో వేసేశాడు. సరిపోయినవాటిలో పెరాసిటిక్ యాసిడ్ నింపి రాత్రంతా ఉంచేవాడు. మళ్లీ పెట్టే ముందు బాగా కడిగి, మందు ఏమాత్రం మిగల్లేదని స్ట్రిప్ ముంచి చూడాలి. వాసన వల్ల ఆ గదిలో పది నిమిషాలు కూడా ఉండలేకపోయేదాన్ని. అన్న మాస్కు సర్దుకుంటూ, "అలవాటైపోద్ది మేడమ్" అనేవాడు.

రీయూజ్ మొదలయ్యాక నా లెక్క మొత్తం మారిపోయింది. శ్రీకాకుళంలో కొత్త డయాలైజర్లు మిగులుతున్నాయి, వాటిని పలాస, సోంపేటలకి పంపించవచ్చు. అంటే ఇక డయాలైజర్లతో మన పని ఆగదు. ముందుగా అయిపోయేది ట్యూబింగే. మూడు సెంటర్లకీ కలిపి రోజుకి 80 సెట్లు కావాలి, ఉన్నవి 670. సరిగ్గా అదే సాయంత్రం హైదరాబాద్ ఆఫీసు వాళ్లు ఫోన్ చేసి, "మీకోసం డయాలైజర్లు సర్దాం, రాత్రి బస్సు డిక్కీలో వేస్తున్నాం" అన్నారు, ఎంతో ప్రేమగా. నేను వద్దన్నాను. డిక్కీలో ఉన్న జాగా అంతా ట్యూబింగ్‌తో నింపమన్నాను. మేనేజరు గారు నా వైపు వింతగా చూశారు, ఇస్తున్న సరుకు వద్దంటుందేమిటని. రిజిస్టరు ఆయన ముందు పెట్టాను. చదివి, ఫోన్ తీసుకుని ఆయనే మళ్లీ హైదరాబాద్‌కి చెప్పారు. మర్నాడు తెల్లారి ఆర్టీసీ కాంప్లెక్స్ పక్కన బస్సు ఆగితే 6 పెట్టెలు దిగాయి. బాబాయి తలపాగా చుట్టుకుని చలిలో వచ్చి నిలబడ్డాడు.

•

మిగతాది విజయనగరంలో దొరికింది. అక్కడ వేరే కంపెనీ సరుకు అమ్మే డీలర్లు ఇద్దరున్నారు. ట్యూబింగ్ ట్యూబింగే కదా, ఎవరిదైతే ఏమిటి అనుకునేదాన్ని. టెక్నీషియన్ అన్న నాతో వస్తానని పట్టుబట్టాడు. సంచిలో మా సెంటర్లో వాడే సెట్ ఒకటి, మెషిన్ నుంచి విప్పిన ఒక క్లిప్పు పెట్టుకుని వచ్చాడు.

మొదటి డీలరు సెట్ చింపి బల్ల మీద పరిచాడు అన్న. ముందు పంప్ సెగ్మెంట్ చూశాడు. మెషిన్ మీద తిరిగే రోలర్లు నొక్కే దళసరి గొట్టం ముక్క అది. దాని లోపలి వెడల్పు ఎంతో మెషిన్లో ముందే సెట్ చేసి ఉంటుంది. గొట్టం అంతకన్నా సన్నదైతే, స్క్రీన్ మీద నిమిషానికి 250 మిల్లీలీటర్లు అని చూపిస్తూనే ఉంటుంది గానీ, నిజంగా పోయే రక్తం తక్కువ. ఏ అలారమూ మోగదు. పేషెంటుకి నాలుగు గంటలు గడుస్తాయి, శుద్ధి మాత్రం పూర్తిగా జరగదు. ఆ సెట్ మీద 8 మి.మీ. అనే ఉంది, మాదీ అంతే. నేను హమ్మయ్య అనుకునేలోపు అన్న రెండో వైపు గొట్టం తీశాడు. రక్తం తిరిగి ఒంట్లోకి వెళ్లేముందు ఒక బుడ్డీ లాంటి చాంబరు గుండా వెళ్తుంది. గాలి బుడగ వస్తే పట్టుకోవడానికి మెషిన్ ఆ చాంబరుని ఒక క్లిప్పులో బిగించి చూస్తూ ఉంటుంది. అన్న తెచ్చిన క్లిప్పులో ఆ చాంబరు పెడితే వదులుగా ఊగింది. "ఇది పెడితే నిమిషానికోసారి అలారం కొడద్ది మేడమ్. విసుగొచ్చి ఎవరైనా అలారం ఆపేస్తే పెద్ద ప్రమాదం" అన్నాడు, సెట్ మడిచి పక్కన పెట్టేస్తూ.

రెండో డీలరు కోట దగ్గర సందులో. ఆయన సరుకు క్లిప్పులో బిగుతుగా కూర్చుంది. వయసులో పెద్దాయన, మా కంపెనీకి పోటీదారు కూడా. సంగతి విని, "అమ్మకం వద్దులే అమ్మా, బదులు తీసుకెళ్లు. సరుకొచ్చాక సరుకే ఇద్దువు గాని" అన్నారు. 12 పెట్టెలు. తెల్లకాగితం మీద బ్యాచ్ నంబర్లు రాసి సంతకం పెట్టాను. అవి 288 సెట్లు, హైదరాబాద్‌వి 144. ఉన్నవాటితో కలిపితే మూడు సెంటర్లకీ 13 రోజుల పైచిలుకు వచ్చింది.

ఆ కొత్త రకం సెట్లని మూడు చోట్లా కలగాపులగంగా పంచొద్దని అన్న చెప్పాడు. ఒకే వార్డులో రెండు రకాలుంటే కంగారులో తప్పు జరగవచ్చు. అందుకని అవన్నీ ఆయన కళ్లముందే ఉండేలా శ్రీకాకుళంలో వాడి, శ్రీకాకుళంలోని మా సొంత రకాన్ని పైకి పంపాం. పలాస బస్సు కండక్టర్లు అప్పటికి నన్ను గుర్తుపట్టేశారు. పార్సిల్ కౌంటర్ దగ్గర చీటీ రాయించుకుని వస్తే, పెట్టెల మీద గోనెలు వేయకుండా విడిగా పెట్టించేవారు.

సమ్మె వారం దాటి ఇంకా రెండు రోజులు సాగింది. గేటు తెరిచారన్న వార్త టీవీలో రాగానే ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం సెంటర్లకి ఆ సాయంత్రం కూడా మామూలుగానే ఫోన్లు చేశాను. అన్నాళ్లు ఆగిన కంటైనర్లన్నీ ఒకేసారి కదలాలి, ట్రైలర్లు హైవే మీద బారులు తీరి ఉన్నాయి. గేటు తెరవడం వేరు, మన సరుకు మన షెడ్డులో దిగడం వేరు. నాలుగో రోజుకి గానీ మా కంటైనర్ బయటికి రాలేదు. సీలు తెంచి, లెక్క చూసి, చిన్న లారీలకి ఎక్కించేసరికి రాత్రయింది. తెల్లారి లారీ పలాస చేరేసరికి అక్కడ ట్యూబింగ్ 2 పెట్టెలు మిగిలి ఉన్నాయి. ఒక్క సిట్టింగ్ కూడా వాయిదా పడలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు గొంతు పూడుకుపోతుంది.

శ్రీకాకుళం షెడ్డులో దిగిన మొదటి 12 పెట్టెల ట్యూబింగ్‌ని బాబాయి విడిగా పక్కన పెట్టాడు. అవి విజయనగరం వెళ్లాయి, బదులు తీర్చడానికి. ఆ పెద్దాయన ఒక్కొక్క పెట్టె మీద గడువు తేదీ చూసి, తను ఇచ్చినవాటికన్నా ఆరునెలలు ఎక్కువే ఉందని తృప్తిగా నవ్వి, నా సంతకం కాగితం నాకు తిరిగి ఇచ్చేశారు.

ఆ తర్వాత నా రిజిస్టర్లో గళ్లు మార్చేశాను. పెట్టెలు రాసే గడి పక్కన రోజులు రాసే గడి కొట్టాను, ప్రతి వస్తువుకీ విడివిడిగా. ఆదివారం ఫోన్‌లో సోంపేట సిస్టరు ఇండెంటు చదవడం మానేసి ముందు ఆ అంకెలే చెప్పేవారు. "డయాలైజర్ తొమ్మిది, ట్యూబింగ్ పదకొండు, సూదులు ఏడు. సూదులు ముందు పంపు చెల్లీ" అనేవారు. నేను హైదరాబాద్ వచ్చేసేదాకా అలాగే నడిచింది.